సెన్సిటివ్ హీట్, ఎకనామిక్ కంప్రెసర్, హిస్టారిక్ రికార్డులు: ఇంజనీరు ఎర్రగీత ఎందుకు గీశారు?

ప్రశ్న: మాది బరంపురం. కోల్డ్ రూములు అమర్చే చిన్న కంపెనీలో కొటేషన్లు, ఉత్తరాలు ఇంగ్లీషులో నేనే రాస్తాను. ఒక రొయ్యల వ్యాపారికి పంపిన కొటేషన్‌లో 'సెన్సిటివ్ హీట్ లోడ్', 'ఎకనామిక్ కంప్రెసర్', 'హిస్టారిక్ టెంపరేచర్ రికార్డ్స్' అని రాశాను. విశాఖలో ఉండే వాళ్ల ఇంజనీరు మూడింటి కిందా ఎర్రగీత గీసి తిప్పి పంపారు. మా ఓనరు "ఏంటి తప్పు?" అంటే చెప్పలేకపోయాను. స్పెల్లింగులు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇలాంటి జంట మాటల్లో ఏది ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుందండీ?

జవాబు:

ఆ మూడు గీతలూ ఒకే బరువున్నవి కావండీ. మొదటిది మీ ఓనరు జేబు మీదికి వచ్చే తప్పు. రెండోది కొనేవాళ్లు మీ మాటను మరోలా అర్థం చేసుకునే తప్పు. మూడోది నా లెక్కలో తప్పున్నర కాదు, అరతప్పు. ఆ ఇంజనీరుగారు చేతిలో ఎర్రపెన్ను ఉంది కదా అని గీసి ఉంటారు. అందుకే మొదటి దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. రాయగడ, బరంపురం వైపు కాంట్రాక్టర్ల టెండరు కాగితాలు దిద్దే పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి ఇవి ఏ దారిన వచ్చి చొరబడతాయో కొంత తెలుసు.

'సెన్సిటివ్ హీట్ లోడ్' మీ కాగితంలోకి ఎలా వచ్చి ఉంటుందో ఊహించగలను. కంపెనీ క్యాటలాగులోనో పాత కొటేషన్‌లోనో 'సెన్సిబుల్ హీట్' అనే ఉండి ఉంటుంది. సెన్సిబుల్ అంటే తెలివైన, వివేకం గల అని మనం బళ్లో చదువుకున్నాం. వేడికి వివేకం ఏమిటి, ఇది అచ్చుతప్పు అయి ఉంటుంది అనుకుని సెన్సిటివ్ అని 'సరిచేసి' ఉంటారు. బాగా చదువుకున్నవాళ్లే ఈ పని చేస్తారు. చదవకుండా దించేవాడు దాన్ని ముట్టుకోడు కాబట్టి వాడి కాగితంలో సరిగ్గానే ఉంటుంది.

సెన్సిబుల్‌కి ఇంగ్లీషులో ఒక పాత అర్థం ఉంది: ఇంద్రియాలకు తెలిసేది, తాకితే తెలిసేది. మామూలు వాడుకలో ఆ అర్థం దాదాపు పోయింది. వేడి శాస్త్రంలో మాత్రం అలాగే నిలిచిపోయింది. వస్తువుకు వేడి ఇచ్చినా తీసినా థర్మామీటరు కదిలితే అది సెన్సిబుల్ హీట్. వేడి పోతూనే ఉంటుంది, థర్మామీటరు మాత్రం కదలదు. నీరు మంచు అవుతూనో ఆవిరి నీరు అవుతూనో ఉంటుంది. అది లేటెంట్ హీట్, అంటే దాగి ఉన్న వేడి. 18వ శతాబ్దంలో స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ ఈ దాగి ఉన్న వేడి సంగతి తేల్చాడు. అప్పటి నుంచి ఈ రెండు మాటలూ ఎదురెదురు జంటగా నడుస్తున్నాయి. సెన్సిటివ్ హీట్ అనేది ఏ పుస్తకంలోనూ లేదు. కాబట్టి అది చదివిన ఇంజనీరుకు మీరు ఏ వేడి లెక్క ఇచ్చారో తెలియదు. ఆయనకు తెలియనిది భాష కాదు, అంకె.

మీ రొయ్యల సంగతే తీసుకుని లెక్క వేసి చూద్దాం. రోజుకు 1,000 కిలోల పచ్చి రొయ్యలు 28 డిగ్రీల దగ్గర గదిలోకి వస్తాయి, వాటిని 12 గంటల్లో 4 డిగ్రీలకు దించాలి అనుకుందాం. ఒక కిలో రొయ్యను ఒక డిగ్రీ చల్లబరచడానికి సుమారు 3.6 కిలోజూళ్ల వేడి తీయాలి. కింద Q అంటే తీయాల్సిన వేడి, m సరుకు బరువు, c ఆ 3.6, ΔT దిగాల్సిన డిగ్రీలు. లెక్క ఇది:

```
Q = m × c × ΔT
Q = 1000 × 3.6 × 24 = 86,400 kJ
86,400 ÷ 3600 = 24 kWh
24 ÷ 12 = 2 kW
```

ఇదంతా సెన్సిబుల్ హీట్. థర్మామీటరు 28 నుంచి 4కి దిగింది, దాగినదేమీ లేదు. ఇప్పుడు కొనేవాళ్లు "రొయ్యల్ని గడ్డ కట్టించాలి కూడా" అన్నారనుకోండి. రొయ్యలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. అది గడ్డకట్టడానికి కిలోకు సుమారు 250 కిలోజూళ్లు తీయాలి. 1,000 కిలోలకు 2,50,000 కిలోజూళ్లు, అంటే 69 kWh పైమాట. అదే 12 గంటల్లో అంటే 2 కిలోవాట్ల మీద ఇంకో 5.8 కిలోవాట్లు. గడ్డ కట్టాక ఇంకా కిందికి దించడానికి పట్టేది వేరే. గోడల గుండా వచ్చే వేడి, తలుపు తీసినప్పుడు వచ్చేది, ఫ్యాన్లు, లైట్లు, మనుషుల వేడి ఇవన్నీ ఇంకా వేరే. ఇక్కడ సరుకు వేడి ఒక్కటే చూస్తున్నాం.

ఇప్పుడు మీ కాగితంలో "సెన్సిటివ్ హీట్ లోడ్ 2 కిలోవాట్లు" అని ఉంటే ఏమవుతుందో చూడండి. సెన్సిబుల్ అని ఉంటే ఇంజనీరు "ఓహో, గడ్డ కట్టించడం ఇందులో లేదు" అని ఒక్క చూపులో తెలుసుకుంటాడు. సెన్సిటివ్ అని ఉంటే 'త్వరగా పాడయ్యే సరుకు తాలూకు మొత్తం వేడి' అని కూడా ఒకరు చదువుకోవచ్చు. రొయ్యలు నిజంగానే వేడికి సెన్సిటివ్ సరుకు కదా! అలా చదివి ఆర్డరు ఇచ్చేశాక మీ యూనిట్ గడ్డ కట్టించలేకపోతే, "మీరు మొత్తం లోడు అన్నారు" అని వాళ్లూ, "మేము అనలేదు" అని మీరూ కూర్చోవాలి. ఆ ఇంజనీరు ఎర్రగీత గీసి మీకు మేలే చేశాడు.

మన తీరంలో ఈ మాట ఇంకోచోట కూడా తగులుతుంది. గోపాల్‌పూర్ వైపు గాలిలో తేమ ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గది తలుపు తీసిన ప్రతిసారీ ఆ తేమ లోపలికి వచ్చి కాయిల్ మీద నీరై, మంచై పేరుకుంటుంది. యంత్రం శక్తిలో కొంత ఆ తేమను పిండడానికే పోతుంది. అందుకే కొన్ని క్యాటలాగుల్లో 'టోటల్ కెపాసిటీ' ఒక అంకె, 'సెన్సిబుల్ కెపాసిటీ' అంతకంటే చిన్న అంకె ఇస్తారు. రెండోదాన్ని సెన్సిటివ్ అని మారిస్తే ఆ చిన్న అంకె ఎందుకు చిన్నదో ఎవరికీ అర్థం కాదు. ఎవరో ఒకరు పెద్ద అంకె చూసి యంత్రం ఎంచుకుంటారు. మే నెలలో గది చల్లబడదు.

అయితే మీ ఉత్తరాల్లో సెన్సిటివ్‌కి చోటే లేదని కాదు, చాలా ఉంది. దేనికైనా చప్పున స్పందించేది, కొంచెం తాకితే చెడేది, జాగ్రత్తగా దాచాల్సింది సెన్సిటివ్. రొయ్యలు టెంపరేచర్ సెన్సిటివ్ సరుకు. పావలా తేడాకు కూడా వేరే దుకాణానికి వెళ్లే ఖాతాదారు ప్రైస్ సెన్సిటివ్. మీ కొనుగోలు ధరల పట్టిక కమర్షియల్లీ సెన్సిటివ్. షేర్ల బజారులో సెబీ 2015 నాటి నిబంధనల్లో 'అన్‌పబ్లిష్డ్ ప్రైస్ సెన్సిటివ్ ఇన్ఫర్మేషన్' అన్న మాటే ఉంది; బయటికి రాని, వస్తే షేరు ధరను కదిలించే సమాచారం అని దాని భావం. వీటిలో ఎక్కడా సెన్సిబుల్ పెట్టలేరు. మామూలు ఉత్తరంలో సెన్సిబుల్ అంటే ఆలోచించి చేసినది, సబబైనది: సెన్సిబుల్ ప్రైస్, సెన్సిబుల్ ప్రికాషన్.

ఇబ్బందల్లా రెండూ ఇమిడే చోట్ల వస్తుంది. "దిస్ ఈజ్ ఎ సెన్సిబుల్ డెసిషన్" అంటే తెలివైన నిర్ణయం. "దిస్ ఈజ్ ఎ సెన్సిటివ్ డెసిషన్" అంటే ఎవరికైనా నొప్పి కలగవచ్చు, ఆచితూచి తీసుకోవాలి అని. వ్యాకరణం రెండింటికీ సరిపోతుంది, స్పెల్లింగు చూసే సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒప్పుకుంటుంది. మీ ఓనరు తీసుకున్న నిర్ణయాన్ని మెచ్చుకుందామని రెండో వాక్యం రాస్తే ఆయన "ఎవరికి కోపం వచ్చింది?" అని అడుగుతారు.

ఇలాంటి చోట నేను చేసే పని ఒకటి చెబుతాను. మాటకు అర్థం వెతకను, ఎదురు మాట వెతుకుతాను. నేను రాయబోయే వాక్యంలో ఈ గుణానికి వ్యతిరేకం ఏమిటి? వ్యతిరేకం 'తెలివితక్కువ' అయితే సెన్సిబుల్. 'దేనికీ చలించని, మొండి' అయితే సెన్సిటివ్. వేడి లెక్కలో వ్యతిరేకం 'లేటెంట్', కాబట్టి సెన్సిబుల్. మీ కొటేషన్‌లో పక్క గడిలో లేటెంట్ హీట్ అని ఉంటే, ఇవతలి గడిలో ఏముండాలో అదే చెబుతుంది.

ఇక ఎకనామిక్ కంప్రెసర్. ఇక్కడ మీరు చెప్పదలచుకున్నది తక్కువ కరెంటు తాగుతుందని అనుకుంటున్నాను. దానికి మాట ఎకనామికల్. పొదుపుగా నడిచేది, వృథా చేయనిది, వ్యతిరేకం 'దుబారా'. ఎకనామిక్‌కి రెండు పనులున్నాయి. ఒకటి అందరికీ తెలిసినదే: దేశపు, ప్రాంతపు ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది. ఎకనామిక్ గ్రోత్, ఎకనామిక్ పాలసీ, స్పెషల్ ఎకనామిక్ జోన్ ఇవన్నీ ఆ కోవవే. రెండోది మన బళ్లలో అంతగా చెప్పరు గానీ వ్యాపార ఉత్తరాల్లో అదే ఎక్కువ పనికొస్తుంది: గిట్టుబాటు అయ్యేది. సగం ఖాళీగా ఉన్న లారీని బరంపురం నుంచి కటక్ పంపడం "నాట్ ఎకనామిక్". దానికి వ్యతిరేకం 'నష్టం తెచ్చేది'.

పొదుపు వేరు, గిట్టుబాటు వేరు. ఇది ఎంత వేరో అంకెల్లో చూస్తే మళ్లీ మరిచిపోరు. రెండు యంత్రాలున్నాయనుకుందాం. ఒకటి రోజుకు 40 యూనిట్లు కాలుస్తుంది, రెండోది 52. మొదటిది 60,000 రూపాయలు ఎక్కువ ఖరీదు. యూనిట్ 7 రూపాయలనుకుంటే రోజుకు 12 యూనిట్లు, అంటే 84 రూపాయలు మిగులుతాయి. ఏడాదిలో 300 రోజులు నడిపే రొయ్యల వ్యాపారికి ఏటా 25,200 మిగులు. రెండున్నరేళ్ల లోపే ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి వచ్చేస్తుంది. సీజన్‌లో 90 రోజులే నడిపే వ్యాపారికి ఏటా 7,560 మిగులు. ఆ 60,000 తిరిగి రావడానికి దాదాపు ఎనిమిదేళ్లు. అప్పటికి కంప్రెసర్ ఏ స్థితిలో ఉంటుందో మీకే బాగా తెలుసు.

యంత్రం అదే. కరెంటు విషయంలో ఇద్దరి దగ్గరా అది ఎకనామికల్. కానీ దాన్ని కొనడం మొదటివారికి ఎకనామిక్, రెండోవారికి కాదు. ఇద్దరికీ ఒకే కొటేషన్ పంపి 'ఎకనామిక్ కంప్రెసర్' అని రాస్తే, సీజన్ వ్యాపారికి మీరు గిట్టుబాటు అవుతుందని మాట ఇచ్చినట్టు అవుతుంది. మీ ఉద్దేశం అది కాకపోయినా కాగితం అలాగే చదువుకుంటుంది.

శీతలీకరణ పనిలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. పెద్ద స్క్రూ కంప్రెసర్లకు, కొన్ని స్క్రోల్ కంప్రెసర్లకు ఎకనమైజర్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. ద్రవాన్ని మధ్యలో ఇంకాస్త చల్లార్చి, అందులో పుట్టిన ఆవిరిని కంప్రెసర్ నడుమ భాగంలోకి పంపి సామర్థ్యం పెంచుతుంది. 'ఎకనామిక్ కంప్రెసర్' అని చూసిన ఇంజనీరు "ఎకనమైజర్ ఉన్నదా, లేక ఊరికే పొగుడుకుంటున్నారా?" అని ఆగుతాడు. మీ యంత్రంలో అది లేకపోతే ఆ అనుమానం రానివ్వకూడదు.

నన్నడిగితే ఎకనామికల్ అని దిద్ది ఊరుకోవద్దు కూడా. "ఎకనామికల్ టు రన్" అని రాసి, వెంటనే ఏ లోడు దగ్గర, బయట ఎన్ని డిగ్రీలున్నప్పుడు, రోజుకు ఎన్ని యూనిట్లో రాయండి. ఎకనామికల్ అంటే కొనే ధర తక్కువ అని కొందరు అనుకుంటారు. అది ఆ మాటలో లేదు. ఖరీదైన యంత్రం కూడా ఎకనామికల్ కావచ్చు. కొనే ధరే తక్కువైతే 'లోయర్ ప్రైస్డ్' అని సూటిగా రాస్తే పోయేదేమీ లేదు.

ఒక పక్క మాట. మనుషుల గురించి, మాటల గురించి రాసేటప్పుడు ఎకనామికల్‌తో జాగ్రత్త. 1986లో సిడ్నీ కోర్టులో సాక్ష్యం చెబుతూ బ్రిటన్ క్యాబినెట్ సెక్రటరీ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను రాసిన ఒక ఉత్తరం గురించి 'ఎకనామికల్ విత్ ది ట్రూత్' అన్న మాట వాడాడు. ఆ భావం అంతకు ముందు నుంచీ ఉన్నదే అయినా, ఆ రోజు తర్వాత అది 'అబద్ధమాడాడు అని మర్యాదగా చెప్పడం'గా స్థిరపడిపోయింది. కాబట్టి "మా ఇంజనీరు సమాచారం ఇవ్వడంలో ఎకనామికల్" అని రాస్తే అది పొగడ్త కాదు.

ఎకనామిక్‌తో మన ప్రాంతంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. అది మీ కొటేషన్‌లో లేదు గానీ, బాకీ ఉత్తరాల్లో తప్పకుండా వస్తుంది. తెలుగులో 'ఆర్థిక' అన్న ఒక్క మాటే దేశపు ఆర్థిక వ్యవస్థకూ, ఇంట్లో డబ్బు ఇబ్బందికీ సరిపోతుంది. ఒడియాలోనూ అదే 'ఆర్థిక'. బరంపురం ఆఫీసుల్లో తెలుగు గుమాస్తా రాసినా, ఒడియా గుమాస్తా దిద్దినా ఇద్దరికీ అనుమానం రాదు. ఇద్దరి మనసులోనూ అదే మాట కదా. అలా "డ్యూ టు ఎకనామిక్ ప్రాబ్లమ్స్ వుయ్ కుడ్ నాట్ పే" అని వెళ్లిపోతుంది. ముంబైలోనో చెన్నైలోనో చదివినవాడికి అది దేశంలో మాంద్యం వచ్చిందన్నట్టు వినిపిస్తుంది. సొంత డబ్బు ఇబ్బందికి మాట ఫైనాన్షియల్.

కానీ ఫైనాన్షియల్ ప్రాబ్లమ్స్ అని కూడా తొందరపడి రాయకండి. అప్పు ఇచ్చినవాడికి ఆ రెండు మాటలూ 'వీళ్లు మునిగిపోతున్నారు' అని వినిపిస్తాయి. తర్వాతి సరుకుకు ముందే డబ్బు అడుగుతాడు. మీకు రావలసిన బిల్లు ఒకటి ఆలస్యమైందంటే ఆ సంగతే రాయండి: ఫలానా ఖాతాదారు నుంచి ఫలానా తేదీన రావలసిన చెల్లింపు ఆగింది, ఫలానా తేదీకి మీకు పంపుతాం. విశేషణమే అక్కర్లేదు.

ఇంగ్లీషు ఇంకో మెలిక కూడా పెట్టింది. ఎకనామిక్, ఎకనామికల్ రెండింటికీ క్రియావిశేషణం ఒక్కటే, ఎకనామికల్లీ. రిజర్వేషను సర్టిఫికెట్‌లో 'ఎకనామికల్లీ వీకర్ సెక్షన్స్' అన్నది మొదటి దాని నుంచి వచ్చింది. 'ఎకనామికల్లీ డ్రివెన్ కార్' అంటే పొదుపుగా నడిపిన కారు. "ది ప్లాంట్ కెన్ బి రన్ ఎకనామికల్లీ" అంటే తక్కువ కరెంటుతోనా, లాభానికా? ఎవరికీ తెలియదు. అలాంటి చోట ఆ మాట తీసేసి 'విత్ లెస్ పవర్' అనో 'ఎట్ ఎ ప్రాఫిట్' అనో రాయడమే నయం.

మూడో గీత, హిస్టారిక్ టెంపరేచర్ రికార్డ్స్. మామూలుగా చెప్పే తేడా తేలికే. చరిత్రలో నిలిచిపోయేంత గొప్పది హిస్టారిక్. గతానికి చెందినది, గతం గురించినది హిస్టారికల్. మన ఊళ్ల సంగతే చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం అటు వెళ్లింది. అది హిస్టారిక్ డే. అంతకు ముందు నాటి గంజాం జిల్లా పటాలు, పన్ను లెక్కలు హిస్టారికల్ డాక్యుమెంట్స్. వాటిలో ఒక్క కాగితం గొప్పది కాకపోయినా సరే. పర్లాకిమిడి రాజప్రాసాదం హిస్టారిక్ బిల్డింగ్. పోయిన ఏడాది మీ గదిలో డేటా లాగర్ నమోదు చేసిన డిగ్రీలు హిస్టారికల్. ఎదురు మాట పరీక్ష ఇక్కడా పనిచేస్తుంది: వ్యతిరేకం 'మామూలు' అయితే హిస్టారిక్, 'ఇప్పటి' లేదా 'రాబోయే' అయితే హిస్టారికల్.

మీ మాటలో నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, రికార్డ్ అంటే నమోదు కాగితం, రికార్డ్ అంటే ఇదివరకెన్నడూ లేనంత కూడా. 'హిస్టారిక్ టెంపరేచర్ రికార్డ్స్' అంటే చరిత్రలో ఎన్నడూ లేనంత వేడి నమోదైందని చదువుకునే వీలుంది. రొయ్యలు కొనేవాళ్లకు మీ కోల్డ్ రూము గురించి చెప్పాల్సిన మాట అది కాదు!

అయితే ఇది అరతప్పే అని ఎందుకన్నానంటే, ఇక్కడ ఇంగ్లీషువాళ్లే గీత సరిగ్గా పాటించరు. బ్రిటన్ వైపు లెక్కల కాగితాల్లో ఆస్తిని కొన్నప్పటి ధరను 'హిస్టారిక్ కాస్ట్' అనడం మామూలే. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల్లో అదే 'హిస్టారికల్ కాస్ట్'. వ్యాకరణ పుస్తకాల్లో 'హిస్టారిక్ ప్రెజెంట్' అనే పేరే ఉంది, అందులో గొప్పేమీ లేదు. కాబట్టి హిస్టారిక్ అని గతం గురించి రాసినవాళ్లందరినీ తప్పుపట్టలేం. సెన్సిటివ్ హీట్ ఎక్కడా చెల్లదు. హిస్టారిక్ డేటా కొన్నిచోట్ల చెల్లుతుంది. మన పనికి మాత్రం హిస్టారికల్ మేలు, ఎవరూ ఆగి ఆలోచించక్కర్లేదు. దానికంటే మేలు తేదీలు: "టెంపరేచర్ లాగ్స్, ఏప్రిల్ టు సెప్టెంబర్" అని మొదలు, చివర రాసి సంవత్సరం వేస్తే రెండు మాటలూ అక్కర్లేదు. గోపాల్‌పూర్ దగ్గర 2013 అక్టోబరు 12న తీరం దాటిన ఫైలిన్ లాంటి తుఫాను వల్ల మధ్యలో కొన్ని రోజుల లెక్క లేకపోతే, ఆ ఖాళీని కూడా చెప్పండి. హిస్టారికల్ అన్న మాట వెనక ఖాళీలు సులభంగా దాక్కుంటాయి, తేదీల వెనక దాక్కోలేవు.

మీరు ఇప్పటికే అడగబోతున్నారు: చివర 'ఇక్' ఉంటే ఒక అర్థం, 'ఇకల్' ఉంటే ఇంకో అర్థం అని సూత్రం ఏమైనా ఉందా అని. లేదండీ. ఎలక్ట్రిక్, ఎలక్ట్రికల్ చూడండి. ఎలక్ట్రిక్ మోటార్, ఎలక్ట్రిక్ హీటర్ అంటే కరెంటుతో నడిచే ఫలానా వస్తువు. ఎలక్ట్రికల్ ప్యానెల్, ఎలక్ట్రికల్ ఫాల్ట్, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ అంటే కరెంటు వ్యవహారానికి సంబంధించినవి. ఎకనామిక్ జంటలో ఉన్న పొదుపు తేడా ఇక్కడ లేదు, హిస్టారిక్‌లో ఉన్న గొప్పతనం తేడా కూడా లేదు. ఒక జంటలో నేర్చుకున్నది ఇంకో జంటకు పనికిరాదు. ప్రతి జంటనూ దాని పక్కన వచ్చే నామవాచకంతో కలిపి నేర్చుకోవాల్సిందే.

వీటన్నిటిలో ముట్టుకోకూడనివి మాత్రం గుర్తుపట్టడం కష్టం కాదు. పక్కన ఉన్న మాటతో అతుక్కుపోయి, ఒక శాస్త్రం పేరుపెట్టి వాడుకునేవి అవి. సెన్సిబుల్ హీట్ ఒకటి. ఎకనామిక్ ఆర్డర్ క్వాంటిటీ ఇంకొకటి. ఆర్డరు పెట్టే ఖర్చు, సరుకు నిల్వ ఖర్చు రెండూ కలిపి అతి తక్కువయ్యే పరిమాణం అది. 'పొదుపే కదా' అని ఎకనామికల్ ఆర్డర్ క్వాంటిటీ అంటే లెక్క మారదు గానీ, రాసినవాడికి ఆ లెక్క తెలియదని తెలిసిపోతుంది. ఒక మాట మీకు అర్థం లేనిదిగా కనిపిస్తే దిద్దే ముందు ఆ రెండు మాటలను కలిపి ఒకసారి వెతకండి. అది స్థిరపడిన పేరైతే అక్కడే తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒకేసారి అన్నిచోట్లా మార్చే పద్ధతి మాత్రం వద్దు. సెన్సిటివ్‌ని సెన్సిబుల్‌గా ఒక్క నొక్కుతో మార్చేస్తే, మీ 'టెంపరేచర్ సెన్సిటివ్ ప్రోడక్ట్' కాస్తా వివేకవంతమైన రొయ్య అయి కూర్చుంటుంది.

మీ ఓనరుకు చూపించి, విశాఖకు తిరిగి పంపేటప్పుడు ఆ మూడు వాక్యాలూ ఇలా ఉంటే చాలు:

"ది సెన్సిబుల్ హీట్ లోడ్ ఆఫ్ ది ప్రోడక్ట్, 1,000 కేజీ కూల్డ్ ఫ్రమ్ 28 టు 4 డిగ్రీస్ ఇన్ 12 అవర్స్, ఈజ్ 2 కిలోవాట్స్. ఫ్రీజింగ్ ఈజ్ నాట్ ఇంక్లూడెడ్."

"ది కంప్రెసర్ ఈజ్ ఎకనామికల్ టు రన్." దీని వెంటనే మీ యూనిట్ల అంకె, ఆ అంకె ఏ పరిస్థితిలో వచ్చిందో.

"టెంపరేచర్ లాగ్స్ ఆర్ అటాచ్డ్." దీని వెంట తేదీలు.

అంకెలు నేను ఊహించి వేసినవి, మీ సరుకు బరువు, డిగ్రీలు, గంటలు మీరు పెట్టుకోండి. పాత కాగితం మీదే దిద్ది పంపకండి. కొటేషన్ నంబరు అదే ఉంచి పక్కన రివిజన్ 1 అని వేసి, కొత్త తేదీతో పంపి, కవరు ఉత్తరంలో హీట్ లోడ్ వరుస మారిందని ఒక్క వాక్యం రాయండి. ఆ వరుస మాట మారిందంటే దాని అర్థం మారినట్టే కాబట్టి, రేపు కొనుగోలు ఆర్డరులో వాళ్లు ఏ కాగితాన్ని పేర్కొన్నారో చూసుకోవాలి. రివిజన్ 1 లేకుండా పాత నంబరే రాసి ఉంటే పని మొదలుపెట్టక ముందే దిద్దించుకోండి.